పోల్‌లో గెలిచిన వీడియో నిజంగా గెలిచిందా?

యూట్యూబ్‌లో మీరు ఫాలో అయ్యే ఏ చానల్ తీసుకున్నా, వారానికి ఒక్కసారైనా ఇలాంటి పోస్ట్ కనిపిస్తుంది: "నెక్స్ట్ వీడియో దేని మీద కావాలి ఫ్రెండ్స్?" కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి. మనం బస్సులో కూర్చుని ఒకటి నొక్కేస్తాం, పక్కన పర్సెంటేజీ కనిపిస్తుంది, పైకి తోసేస్తాం. యూట్యూబ్ ఆ ట్యాబ్ పేరుని Posts అని మార్చినా మనమంతా ఇప్పటికీ కమ్యూనిటీ పోస్ట్ అనే అంటున్నాం. ఓటు వేసినవాళ్లకి కథ అక్కడితో అయిపోతుంది. చానల్ నడిపేవాళ్లకి మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఎక్కువ ఓట్లు పడిన టాపిక్ మీద వీడియో తీస్తే, దానికి నిజంగానే ఎక్కువ వ్యూస్ వస్తాయా?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. ఎందుకంటే పోల్‌లో గెలిచింది తీస్తారు, వ్యూస్ వస్తాయి, "చూశావా, జనం అడిగింది ఇచ్చాం" అనుకుంటారు. ఓడిపోయిన టాపిక్ తీస్తే ఎన్ని వచ్చేవో ఎప్పటికీ తెలియదు. ఎందుకంటే దాన్ని తీయనే తీయరు కదా! సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పని చేస్తే కోడ్ రివ్యూలో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, "దేనితో పోల్చావు?" అని. పోల్స్ విషయంలో ఆ మాట అడిగేవాళ్లు లేరు.

మా బాబాయి కొడుకు తణుకులో టూవీలర్ మెకానిక్ షెడ్ నడుపుతాడు. దానితోపాటు బండి రిపేర్ల మీద ఒక తెలుగు చానల్ కూడా ఉంది. సుమారు 18 వేల మంది సబ్‌స్క్రైబర్లు. వీడియోలు తీసేది వాడు, ఎడిటింగ్ వాడి స్నేహితుడు, లెక్కల షీట్ మాత్రం నాది. ఏడాదిగా వాడు పెట్టిన పోల్స్‌ని, ఆ తర్వాత వచ్చిన వ్యూస్‌ని పక్కపక్కన రాసుకుంటూ వచ్చాం. ఆ షీట్‌లోంచి ఒక్క పోల్‌ని తీసి పూర్తిగా విప్పి చూపిస్తాను. అంకెల్ని చదవడానికి వీలుగా గుండ్రం చేశాను.

జూన్‌లో పెట్టిన పోల్ అది. ఆప్షన్లు నాలుగు. 100 సీసీ ఇంజన్ పూర్తిగా విప్పి బిగించడం, మైలేజీ తగ్గితే ఏమేం చూడాలి, వానలో తడిశాక బండి స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి, సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు ఏం చూడాలి. మొత్తం 640 ఓట్లు పడ్డాయి. ఇంజన్‌కి 46 శాతం, మైలేజీకి 27, వానకి 15, సెకండ్ హ్యాండ్‌కి 12.

ముందుగా ఒక చిన్న అలవాటు. శాతాల్ని చూడగానే ఓట్లలోకి మార్చుకోవాలి. 46 శాతం అంటే 294 ఓట్లు, 27 అంటే 173, 15 అంటే 96, 12 అంటే 77. ఇప్పుడు పక్కపక్కనున్న రెండింటి మధ్య తేడా నిజమైనదా, లేక అదృష్టవశాత్తూ వచ్చిందా అని చూడాలి. దానికి నేను వాడేది ఒక మోటు లెక్క. రెండింటి ఓట్లూ కలిపి, దాని వర్గమూలం తీసి, రెండుతో గుణించాలి. తేడా అంతకంటే ఎక్కువ ఉంటేనే నమ్మాలి. షీట్‌లో ఇలా రాసుకోవచ్చు:

```
=(B2-C2)>2*SQRT(B2+C2)
```

ఇంజన్‌కీ మైలేజీకీ తేడా 121 ఓట్లు, హద్దు 43. కాబట్టి ఇంజన్ గెలుపు గట్టిదే. వానకీ సెకండ్ హ్యాండ్‌కీ తేడా 19, హద్దు 26. అంటే మూడో స్థానం, నాలుగో స్థానం అని చెప్పుకోవడానికి ఏమీ లేదు, రెండూ సమానమే. ఇక 50 ఓట్లు పడిన పోల్‌లో 32 శాతం, 28 శాతం అని కనిపిస్తే అది 16 ఓట్లు, 14 ఓట్లు. రెండు వేళ్లు అటు నొక్కి ఉంటే ఫలితం తారుమారు. అలాంటిదాన్ని నమ్ముకుని నాలుగు రోజులు కష్టపడి వీడియో తీయడంలో అర్థం లేదు.

పోల్ వరకు బాగానే ఉంది. పోల్చాలంటే రెండో వీడియో కావాలి కదా? దానికి ఒక నియమం పెట్టుకున్నాం. గెలిచిన టాపిక్ ఎలాగూ తీయాలి. మిగిలిన మూడింటిలోంచి ఒకటి చీటీ వేసి తీయాలి. మనకి నచ్చింది ఎంచుకుంటే పోలిక పాడైపోతుంది. ఎందుకంటే లోలోపల "ఇది బాగా వెళ్తుంది" అనుకున్నదాన్నే ఎంచుకుంటాం. ఏది ముందు రిలీజ్ చేయాలన్నది కూడా బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోవాలి. రెండింటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. రెండూ ఆదివారం ఉదయమే వెళ్లాలి. థంబ్‌నెయిల్ ఒకే మనిషి, ఒకే శ్రద్ధతో చేయాలి.

ఆ జూన్ పోల్‌కి చీటీలో వచ్చింది వాన. వాడు ఫోన్ చేసి ఒకటే గోల.

"అన్నయ్యా, జనం అడిగింది ఇంజన్. దాని కోసం రాత్రి రెండింటిదాకా షెడ్‌లో లైట్లు పెట్టి షూట్ చేశాను. ఈ వాన వీడియోలో ఏముంటుంది? స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి తుడవడమే కదా. ఎవడు చూస్తాడు?"

"చూడకపోతే చూడకపోయార్రా. ఎంతమంది చూడరో రాసుకుందాం. ముందు నీ అంచనా చెప్పు."

"ఇంజన్‌లో సగం కూడా రావు."

ఈ అంచనాని కూడా వీడియో వెళ్లకముందే షీట్‌లో రాసుకోవాలి. ఫలితం వచ్చాక ప్రతి ఒక్కరికీ "నేను ముందే అనుకున్నా" అనిపిస్తుంది. అప్పుడు రాసే అంచనా అంచనా కాదు.

ఇక ఫలితాలు. మొదటి ఏడు రోజుల్లో ఇంజన్ వీడియోకి 4,200 వ్యూస్, వాన వీడియోకి 2,600. మా తమ్ముడు మీసం మెలేశాడు. సగం కంటే కాస్త ఎక్కువే వచ్చినా, పోల్ చెప్పినట్టే ఇంజన్ ముందుంది కదా! చాలా చానళ్లు సరిగ్గా ఇక్కడే చూడటం ఆపేస్తాయి.

90 రోజుల తర్వాత మళ్లీ చూశాం. ఇంజన్ 6,100 దగ్గర ఉంది. వాన 21,000 దాటింది.

అయితే పోల్ అబద్ధం చెప్పిందా? లేదు. పోల్ నిజమే చెప్పింది, కానీ మనం అడిగిన ప్రశ్నకి కాదు. ఇది తెలియాలంటే వ్యూస్‌ని రెండు భాగాలు చేసి చూడాలి. యూట్యూబ్ స్టూడియోలో వీడియో అనలిటిక్స్ తెరిచి Advanced mode లోకి వెళ్తే Subscription status అని ఉంటుంది. చూసినవాళ్లలో సబ్‌స్క్రైబర్లు ఎవరు, కానివాళ్లు ఎవరు అన్నది విడగొట్టి చూపిస్తుంది. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. రెండు వీడియోలకీ ఒకే క్యాలెండర్ నెల పెట్టకూడదు. ఏ వీడియోకి ఆ వీడియో పబ్లిష్ అయిన రోజు నుంచి ఏడో రోజు వరకు, తర్వాత తొంభయ్యో రోజు వరకు లెక్కపెట్టుకోవాలి.

అలా విడగొడితే మొదటి వారంలో సబ్‌స్క్రైబర్ల వ్యూస్ ఇంజన్‌కి 2,900, వానకి 1,000. ఒకదానికొకటి 2.9 రెట్లు. పోల్‌లో ఓట్లు 294, 96. అంటే సుమారు 3.1 రెట్లు. చూశారా, ఎంత దగ్గరగా ఉందో! మన దగ్గరికి రోజూ వచ్చేవాళ్లు ఏం చూస్తారన్నది పోల్ చక్కగా చెప్పింది. ఎందుకంటే పోల్ పోస్ట్ ఎక్కువగా చేరేది వాళ్ల దగ్గరికే, ఓటేసేది వాళ్లే, మొదటి వారంలో వీడియో చూసేదీ వాళ్లే.

కానీ 90 రోజుల్లో వాన వీడియో చూసిన 21 వేలలో సబ్‌స్క్రైబర్లవి 1,700 మాత్రమే. వందకి ఎనిమిది. మిగతా అంతా ఎవరు? Traffic source చూస్తే ఎక్కువ భాగం యూట్యూబ్ సెర్చ్. నడిరోడ్డు మీద వానలో బండి ఆగిపోయి, ఏ షాపు చూరు కిందో నిలబడి, తడి చేత్తో ఫోన్ తీసి వెతికినవాళ్లు. జూన్‌లో మనం పోల్ పెట్టినప్పుడు వాళ్లకి ఆ చానల్ ఉందనే తెలియదు. వాళ్ల బండి అప్పటికి బాగానే స్టార్ట్ అవుతోంది. అవసరం పుట్టకముందే ఓటు ఎలా వేస్తారు?

దీని వెనక ఇంకో కారణం కూడా ఉంది. బండి రిపేర్ చానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకునేవాళ్లలో చాలామందికి బళ్లంటే ఇష్టం. స్పార్క్ ప్లగ్ తుడవడం వాళ్లకి ఎప్పుడో వచ్చు. వాళ్లకి ఇంజన్ లోపల పిస్టన్ ఎలా ఉందో చూడాలని ఉంటుంది. అంటే ఓటు వేసేవాళ్లకి అవసరం లేని వీడియోనే ఓటు వేయనివాళ్లకి ఎక్కువ అవసరం. వంటల చానల్లో బిర్యానీ స్పెషల్‌కి ఓట్లు పడి, అన్నం మెత్తబడితే ఏం చేయాలన్న వీడియో అడుగున పడినా దానికీ కారణం ఇదే అయ్యుండొచ్చు.

ఇప్పుడు మీలో కొందరికి ఒక సందేహం రావాలి. వాన వీడియో వానాకాలంలోనే వెళ్లింది కదా, అందుకే పైకి లేచిందేమో? సందేహం న్యాయమైనదే. అందుకే సీజన్‌కి ఒక సమస్య ఉన్న టాపిక్‌ని సీజన్ దాటాక మళ్లీ చూడాలి. వానాకాలంలో రోజుకి సగటున 220 వ్యూస్ వచ్చిన ఆ వీడియో జనవరిలో రోజుకి 60కి పడిపోయింది. అంటే లాభంలో పెద్ద భాగం వాన పుణ్యమే. అయితే అదే జనవరిలో ఇంజన్ వీడియోకి వచ్చింది రోజుకి 15. వానలు పోయాక కూడా నాలుగు రెట్లు ముందుంది. కాబట్టి సీజన్ ఒక్కటే కారణం కాదు.

ఇంకో చోట కూడా తప్పటడుగు పడే అవకాశం ఉంది. అది సీటీఆర్. అంటే థంబ్‌నెయిల్ కనిపించిన వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారు అన్న లెక్క. 90 రోజులకి ఇంజన్‌ది 7.4 శాతం, వానది 4.2 శాతం. ఇది చూసి "ఇంజన్ టాపిక్కే బలమైనది, చూశారా" అనేయొచ్చు. కానీ ఇంజన్ వీడియోని యూట్యూబ్ ఎక్కువగా చూపించింది మన చానల్ తెలిసినవాళ్లకే, వాళ్లు నొక్కుతారు. వాన వీడియోని ముక్కూమొహం తెలియని చాలామందికి చూపించింది, అక్కడ శాతం తగ్గడం సహజం. జనం పెరిగేకొద్దీ సీటీఆర్ తగ్గుతుంది. ఎంతమందికి కనిపించిందో పక్కన రాయకుండా సీటీఆర్ ఒక్కదాన్నే పోల్చి తీర్పు చెప్పకూడదు.

వ్యూస్ ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కూడా సరికాదు. ఇంజన్ వీడియో నిడివి 13 నిమిషాలు, సగటున ఆరున్నర నిమిషాలు చూశారు. వాన వీడియో 9 నిమిషాలు, సగటున మూడు నిమిషాలు. పని అయిపోయాక ఎవరు ఉంటారు, బండి స్టార్ట్ కాగానే ఫోన్ జేబులో పెట్టేస్తారు. మొత్తం చూసిన సమయం లెక్కేస్తే ఇంజన్‌కి సుమారు 660 గంటలు, వానకి 1,050 గంటలు. వ్యూస్‌లో మూడున్నర రెట్లుగా కనిపించిన తేడా గంటల్లో 1.6 రెట్లకి తగ్గింది. వాన వీడియోనే ముందుంది, కానీ ఇంజన్ వీడియో అనుకున్నంత వెనకబడి లేదు.

ఒక్క జతతో సిద్ధాంతం కట్టేయకూడదు కాబట్టి, ఇదే పద్ధతిలో ఏడాదిలో ఆరు పోల్స్ చేశాం. ఆరు విజేతలు, చీటీలో వచ్చిన ఆరు ఓడిన టాపిక్‌లు, మొత్తం 12 వీడియోలు. మొదటి వారం సబ్‌స్క్రైబర్ల వ్యూస్‌లో, ఆరింటిలో ఐదుసార్లు పోల్ విజేతే ముందుంది. 90 రోజుల మొత్తం వ్యూస్‌లో మాత్రం ఆరింటికి మూడు. అంటే బొమ్మా బొరుసుతో సమానం.

అయితే ఆ ఐదుని చూసి కూడా మరీ సంబరపడక్కర్లేదు. ఏమీ తెలియకుండా నాణెం ఎగరేసుకుంటూ పోయినా ఆరింటిలో ఐదో ఆరో సరిగ్గా రావడానికి 64లో 7 వంతుల అవకాశం ఉంది, దాదాపు 11 శాతం. అంటే మా ఫలితం బలమైన సూచనే తప్ప రుజువు కాదు. ఇంకో ఆరు పోల్స్ ఇదే దారిలో నడిస్తే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. ఇంకో హెచ్చరిక కూడా. ఇదంతా రిపేర్ల చానల్ లెక్క. సినిమా రియాక్షన్లో, గేమింగో చేసేవాళ్లకి సెర్చ్ నుంచి వచ్చే జనం తక్కువగా ఉంటే, వాళ్ల 90 రోజుల లెక్క మొదటి వారం లెక్కలాగే ఉండొచ్చు. మీ చానల్‌ది మీ Traffic source చూసే తెలుసుకోవాలి.

పోల్ రాసే తీరు కూడా ఈ లెక్కలో భాగమే. పోల్‌లో ఒక ఆప్షన్‌ని "ఇంజన్ మొత్తం విప్పేద్దామా!!" అని, ఇంకోదాన్ని "చైన్ క్లీనింగ్" అని పెడితే జనం టాపిక్‌కి కాదు, రాతకి ఓటేస్తారు. అందుకే ఆప్షన్లన్నీ దాదాపు ఒకే పొడవులో, ఎమోజీలు లేకుండా, రేపు వీడియో టైటిల్ ఎలా ఉంటుందో అలాగే రాస్తున్నాం. ఒక మంచి సంగతేంటంటే, ఓటు వేసేదాకా శాతాలు కనిపించవు. కాబట్టి పక్కవాళ్లని చూసి వేసే ఓట్ల బెడద తక్కువ. కానీ కామెంట్లలో మనమే వెళ్లి "ఇంజన్ ముందుంది ఫ్రెండ్స్" అని రాస్తే ఆ మంచి కాస్తా పోతుంది. పోల్ ముగిశాక "మీరే గెలిపించిన వీడియో" అని టైటిల్లోనో థంబ్‌నెయిల్ మీదో వేయడం కూడా మానేశాం. రెండో వీడియోకి లేని ప్రచారం మొదటిదానికి దొరికితే పోలిక చెడిపోతుంది కదా.

ఇంతకీ ఇదంతా చూశాక మా తమ్ముడు పోల్స్ మానేశాడా? లేదు, పోల్‌కి పని మార్చాడు. నెలకి నాలుగు వీడియోల్లో రెండు పోల్ విజేతలకి. అవి రోజూ వచ్చేవాళ్ల కోసం, వాళ్లు లేకపోతే చానల్‌కి మొదటి వారం కదలికే ఉండదు. మిగతా రెండు షెడ్‌కి వచ్చే బళ్లని చూసి ఎంచుకుంటాడు. ఆ వారం ఎక్కువమంది ఏ సమస్యతో వచ్చారో నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటాడు. ఓటు వేయనివాళ్ల పోల్ అదే.

పోల్‌లో అడిగే ప్రశ్న కూడా మార్చి చూస్తున్నాం. "ఏ వీడియో కావాలి?" అని కాకుండా, "ఈ నెలలో మీ బండి ఏం ఇబ్బంది పెట్టింది?" అని. కావాలనుకునేదాని కంటే జరిగినదాన్ని అడిగితే జవాబు నేల మీద ఉంటుందని మా ఆశ. ఇప్పటికి అలాంటివి రెండే అయ్యాయి, ఇంకా చెప్పడానికి లేదు. మొన్నటి పోల్‌లో "సెల్ఫ్ స్టార్ట్ పని చేయట్లేదు" అన్నదానికి ఎక్కువ ఓట్లు పడ్డాయి. చీటీలో వచ్చింది "హారన్ మోగట్లేదు". వాడి అంచనా షీట్‌లో రాసి ఉంది, నాదీ రాసి ఉంది. తొంభై రోజులు ఆగాలి.